దుమ్ము తీసేయనన్న మెయిల్

"రెండు నిమిషాల సినిమాకు ఇన్ని దినాలు ఏంటికమ్మా?" అని సేఫ్టీ ఆఫీసర్ ఫోన్ చేస్తే నాకు ఒళ్ళు మండింది. కడపలో మా యానిమేషన్ స్టూడియో అంటే ఒక గది, రెండు కంప్యూటర్లు, నేను. ఆయన పనిచేసేది మంగంపేట వైపు ఒక ముగ్గురాయి గనిలో. సోమవారం కొత్త కూలీలు పనిలోకి దిగుతారు. టిప్పర్ వెనక్కి వస్తున్నప్పుడు దుమ్ములో డ్రైవరుకు మనిషి కనబడడని, ఎంత దూరంలో నిలబడాలో వాళ్ళకు ముందే చూపించాలి. అందుకే ఆ సినిమా.

"ఆ దుమ్ము తీసేయమ్మా, బిన్నా అయిపోతాది గదా!" అన్నాడాయన. నోటితో జవాబిస్తే గొడవైపోతుందని, "మెయిల్ పెడతా సార్" అని ఫోన్ పెట్టేశాను.

కోపమంతా దిగమింగి రాశాను. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు సార్. ప్రతి బొమ్మలో వెలుగు దేనికి తగిలి ఎటు పోయిందో కంప్యూటర్ చుక్క చుక్కకూ లెక్క కట్టాలి. బండ మీద పడితే తేలిక. దుమ్ములో దూరితే ఎన్నోసార్లు చెదురుతుంది, ఆ లెక్కకు టైము పడుతుంది. సినిమా మొదట్లో వచ్చే మీ ఆఫీసు అద్దాల మేడ కూడా అంతే, ఒక అద్దంలో ఇంకో అద్దం కనబడాలి కదా.

తొందరగా కావాలంటే దారులున్నాయి. ఫోర్‌కే బదులు ఫుల్ హెచ్‌డీలో తీస్తే లెక్క దాదాపు నాలుగో వంతుకు తగ్గుతుంది. మీ హాల్లో ప్రొజెక్టర్ అంతకు మించి చూపించదు. దుమ్ము లేని సీన్లకు లెక్క తగ్గించి, బొమ్మలో వచ్చే గరుకును సాఫ్ట్‌వేర్‌తో నునుపు చేయొచ్చు. ఆన్‌లైన్‌లో మెషిన్లు అద్దెకు తీసుకోవచ్చు, కానీ దానికి మీ హెడ్డాఫీసు ఒప్పుకోవాలి. మొదటి రెండూ చేసినా సోమవారానికి అందదు. అద్దాల మేడ సీను కూడా తీసేస్తే అందుతుంది. దుమ్ము మాత్రం తీయను.

చివరి వాక్యాన్ని చెరిపి, మళ్ళీ రాసి, పంపేశాను. పని పోతే పోనీ అనుకున్నాను గానీ, భయం లేకపోలేదు.

కాసేపటికే ఫోన్ వచ్చింది. "ఆ మేడ మా ఎండీ గారు అడిగి పెట్టించుకున్న సీనమ్మా. తీసేస్తే నన్ను ఊరికే ఇడుస్తాడా?"

"తీయాల్నా వద్దా మీరే చెప్పాల సార్."

ఆయన గది తలుపు మూసుకున్న చప్పుడు వినబడింది.

"తీసేయ్. ఆయనతో నేను మాట్లాడుకుంటా. దుమ్ము ఉండనీ."

ఆ మనిషి మీద అంతసేపూ పెంచుకున్న కోపం ఒక్కసారిగా పోయింది. ఆదివారం సాయంత్రానికి చివరి బొమ్మ కూడా వచ్చేసింది.

సోమవారం గని హాల్లో వెనక నిలబడి చూశాను. ఎండీ గారు రాలేదు. ఆఫీసర్ ముఖం వాడిపోయి ఉంది. మాటలు పడ్డాడని అర్థమైంది. తెర మీద టిప్పర్ వెనక్కి కదిలింది, దుమ్ము లేచింది, దాని వెనక నిలబడ్డ మనిషి కనబడకుండా పోయాడు. ముందు వరసలో కూర్చున్న ఒకాయన తన కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.