బాణం మొన ఎటు, గాలి ఎటు

రేవు పక్క లాడ్జీ నడిపే పెద్దాయన సంగతి అక్కడ దిగినవాళ్లందరికీ తెలుసు. తెలియకపోతే ఆయనే చెబుతాడు. పల్లెబడిలో నేలమీద కూర్చుని ఐదో తరగతి చదివాడు. మూడు భాషలు ఎవరూ నేర్పకుండానే పట్టాడు. ముప్ఫై ఏళ్లు పడవ టికెట్లు చింపాడు. ఇప్పుడు ఆ ఊరి భాష రాని ప్రయాణికులకు బోర్డులూ మందుచీటీలూ తెలుగులో విప్పి చెబుతాడు. ఏ కాగితమైనా చివరి అక్షరం దాకా చదవాల్సిందే. "అగ్గిపెట్టె ఇచ్చినా అడుగున అడ్రసు చదివిగానీ పొయ్యి వెలిగించరు" అని భార్య దెప్పుతుంది.

ఆ పొద్దున ఒక దర్జీ ఆవిడ ఫోను పట్టుకొచ్చింది. దీవిలోని ఆస్పత్రిలో వాళ్లక్కకు కంటి ఆపరేషను అయింది, ఇవాళ ఇంటికి తేవాలి. తిరుగు పడవలు రెండే, పదకొండుకొకటి, నాలుగుకొకటి. వాతావరణం స్క్రీన్‌షాటేమో ఆ ఊరి భాషలో ఉంది.

"మూడింటికి సూర్యుడి బొమ్మ ఉంది కదా బాబాయ్ గారూ. అక్క కాస్త పడుకుని లేచాక నాలుగు పడవకి వస్తాం."

"బొమ్మ ఆకాశం సంగతి చెబుతుందమ్మా, గాలి సంగతి కాదు. పొద్దున పసుపు హెచ్చరిక, అంటే కనిపెట్టుకుని ఉండమని. రెండు నుంచి ఎనిమిది దాకా ఆరెంజ్, అంటే ముందే సిద్ధపడమని. సగటు గాలి గంటకి ముప్ఫై ఐదు కిలోమీటర్లు. ఉండుండి విసిరేది అరవై ఐదు."

ఆవిడ మొహం వాడిపోయింది. పెద్దాయన తాపీగా కళ్లజోడు సర్దుకున్నాడు.

"కంగారుపడకు. ఇదిగో, గాలి బాణం మొన ఈశాన్యానికి ఉంది, అంటే ఈశాన్యం గాలి. అటు దీవి దాకా కొండే అడ్డం, పడవకి గాలి తగలదు. నాలుగుకే దర్జాగా రండి."

ఆవిడ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని గడప దాటబోయింది.

"ఆగమ్మా, అడుగున చిన్నక్షరాలు మిగిలాయి. వదిలేస్తే నాకు అన్నం సయించదు." ఫోను ముక్కు దాకా తెచ్చుకున్నాడు. "ఇచ్చిన వేళ, ఇవాళ ఉదయం ఐదు. గాలి, నైరుతి. బాణం గాలి పోయే వైపు చూపును, పేరు వచ్చే..."

ఆ వరస మీద వేలు పెట్టి మళ్లీ చదివాడు. నైరుతి అంటే బారెడు అడ్డం లేని సముద్రం. మిగతాది మింగేస్తే అడిగేవాళ్లు లేరు. పెద్దాయన గోడ గడియారం వైపు చూశాడు, టికెట్ల రోజుల ఫొటో వైపు చూశాడు.

"తప్పు చెప్పానమ్మా" అన్నాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. "ఏమండీ, ఇంకోసారి అనండి, సరిగ్గా వినపడలేదు."

"గాలి సముద్రం మీంచే వస్తోంది. పదకొండు పడవకే వచ్చేయండి. మీ అక్క ఇక్కడే పడుకుంటుంది, గది ఇస్తాను" అన్నాడు, వంటింటి వైపు చూడకుండా.

పదకొండు పడవ దిగి అక్కాచెల్లెళ్లు వచ్చారు, అక్క కంటికి మూతతో. ఒంటిగంటన్నరకి రేవులో బోర్డు పెట్టారు, నాలుగు పడవ రద్దని. మూడింటికి సూర్యుడు బొమ్మలో ఉన్నట్టే వెలుగుతున్నాడు. ఆ వెలుగులోనే లాడ్జీ పేరు బోర్డు ఊడి వీధి చివర పడింది.

మర్నాడు కొత్తగా దిగినవాళ్లకి పెద్దాయన చెప్పే గొప్పల చిట్టాలో ఒకటి పెరిగింది. "నా జన్మలో ఒక్కటే తప్పు చదివాను. అదీ నేనే పట్టుకున్నాను."

"నేను విన్నాను కూడా" అంది భార్య, కాఫీ గ్లాసు ముందు పెడుతూ.