జింకు సల్ఫేటూ ఇనుప బకెట్టూ

అరకు దగ్గరి ఆశ్రమ పాఠశాలలో పదో తరగతికి రసాయనశాస్త్రం చెప్పేవాణ్ణి. పక్క మండలం బళ్ళో అదే పాఠం చెప్పే మాస్టారు నాకు కాలేజీనాటి స్నేహితుడు. బళ్ళన్నిటికీ కలిపి పెట్టే ప్రీ ఫైనల్‌కి లోహాలు, అలోహాల ప్రశ్నలు నేను రాశాను. జవాబుల కీ అతను రాశాడు. కింద ఇద్దరం సంతకం చేయాలి. మిత్రుడి రాత చదవడం మర్యాద కాదనిపించి, చదవకుండానే చేశాను.

ఒక ప్రశ్న ఇది: మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ద్రావణాన్ని ఇనుప బకెట్‌లో నిల్వ చేయవచ్చా? జింకు సల్ఫేట్ ద్రావణాన్నో?

మా బళ్ళో ఒక కాఫీ రైతు కూతురు ఇలా రాసింది: మొదటిది కూడదు, ఇనుము రాగిని తోసేస్తుంది, మా నాన్న తోటకి మైలుతుత్తం మందు కలిపిన బకెట్ అలాగే ఎర్రబడి పాడైంది. రెండోది పరవాలేదు, చర్యాశీలత శ్రేణిలో ఇనుము జింకు కన్నా కింద ఉంది. కీలో మాత్రం రెండూ కూడదనే ఉంది. మా పేపర్లు దిద్దింది అతనే. రెండు మార్కులు పోయాయి. ఆ రెండూ ఉంటేనే ఆమె మైదాన ప్రాంతంలోని కాలేజీ ఉచిత సీటు జాబితాలోకి వెళుతుంది.

ఆ రెండు ద్రావణాలూ, రెండు గ్లాసులూ, రెండు మేకులూ పట్టుకుని అతని బడికి వెళ్ళాను. కాసేపటికి నీలం నీళ్ళలోని మేకు ఎర్రబడింది. రంగులేని నీళ్ళలోది ఎలా ఉన్నది అలాగే ఉంది.

"తప్పయిపోనాది రా. రేపు మీటింగులో నానే సెప్తాను. ముందు టీ తాగు" అన్నాడు.

టీ బాగుంది.

మర్నాడు మీటింగులో అధికారి కీ గురించి అడిగితే, నా స్నేహితుడు ఎంతో శుద్ధంగా మాట్లాడాడు. "కీ మీద ఈ మాస్టారు కూడా సంతకం చేశారండీ. ఇప్పుడు మారిస్తే అన్ని బళ్ళ పేపర్లూ మళ్ళీ దిద్దాలి."

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అధికారి నా సంతకం చూసి, నా మొహం చూసి, ఆ అమ్మాయి పేరు లేకుండానే జాబితా పంపేశారు.

విషయం చెబితే ఆ అమ్మాయి అడిగింది, "నాను రాసింది తప్పా మాస్టారూ?"

"కాదమ్మా."

"మరి తప్పున్న కాయితం మీద మీరెందుకు సంతకం పెట్టినారు?"

చదవలేదన్నాను. ఆమె తల ఊపింది. మా స్నేహితుడి మీద ఒక్క మాటైనా అంటుందేమోనని ఎదురుచూశాను. అనలేదు.

మరుసటి వారం అల్యూమినియం నిష్కర్షణ చెప్పాను. దాని ఆక్సైడు నుంచి ఆక్సిజన్‌ని లాగే బలం కార్బన్‌కి చాలదు, అందుకే విద్యుత్ విశ్లేషణ అన్నాను. అందరూ రాసుకున్నారు. ఆమె మాత్రం పెన్ను పక్కన పెట్టి, పాఠ్యపుస్తకంలో ఆ పేజీ తీసి, నేను చెప్పింది అక్కడ ఉందో లేదో వేలు పెట్టి వెతికింది. దొరికాకే రాసుకుంది.