పొద్దుటి గుడ్‌నైట్

ఆ ఆదివారం మా అన్న మీద నాకు వచ్చినంత కోపం ఈ జన్మలో ఇంకెవరి మీదా రాలేదు. కరీంనగర్‌లో చెప్పుల దుకాణం మీది అంతస్తులో మా ఇద్దరిదీ ఒక చిన్న సంస్థ. ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పుతాం. ఇంగ్లీషు బడుల్లో చదివే ఇక్కడి పిల్లలకు సాయంత్రం తరగతులు. విదేశాల్లో ఉన్నవాళ్ళ పిల్లలకు తెల్లవారి ఆరింటికి, అంటే అమెరికాలో రాత్రి భోజనాల వేళకు. విదేశీ తరగతి అన్న చెప్తాడు. ఇక్కడి పిల్లలకు చెన్నూరు నుంచి వచ్చిన టీచరమ్మ చెప్తుంది. లెక్కలూ తగాదాలూ నావి.

సోమవారం టీచరమ్మకు కబురు చెప్పాలన్నాడు అన్న. ఇక్కడి తరగతి మూసేస్తున్నామని, వచ్చే నెల నుంచి రావద్దని. ఆమె ఈ మధ్యే కూతుర్ని ఇక్కడి బడిలో వేసి, మా వీధిలోనే ఇల్లు అద్దెకు తీసుకుంది. ఆ ఇల్లు చూపించింది నేనే.

"చూడు చెల్లె, విదేశీ పిల్లకు నెలకు నలభై డాలర్లు. మన పైసలల్ల మూడువేల నాలుగొందలు. ఇక్కడి పిల్లకు ఆరొందలు. ఆరింతలు తక్వ! ఒక్క పిల్ల అటు దొరికితే ఇటు ఆరుగురితోని సమానం. పోయినేటికన్న విదేశీ రాబడి పెరిగింది గూడ. ఇంక దేనికి ఆలోచించుడు?"

"పెరగలే," అన్నాను. "రూపాయి పడ్డది. పోయినేటి డాలరు రేటే పెట్టి ఈ యేడు లెక్క గూడ చెయ్యి. పెరిగిందేం లేదు, జర తగ్గింది."

అన్న చేసి చూశాడు. మొహం ముడుచుకున్నాడు గానీ మాట మార్చలేదు. నేను ఊరుకోలేదు. అమెరికాలో ఒక డాలరు కొనే సరుకు మన దగ్గర సుమారు ఇరవై రూపాయలకే వస్తుంది. అలా చూస్తే ఇక్కడి ఆరువందలు ముప్పై డాలర్ల బరువు. అక్కడివాళ్ళు మోసేది నలభై, మనవాళ్ళు మోసేది ముప్పై. ఆరింతల తేడా ఎక్కడుంది? అంత బరువు మోస్తూ కూడా ఇక్కడివాళ్ళు పిల్లల్ని మానిపించడం లేదు. విదేశీ పిల్లలే రెండు మూడు నెలలకు జారిపోతున్నారు.

"గా బరువు తీస్కపోయి బ్యాంకుల వేస్తే ఎంతిస్తరు?" అన్నాడు అన్న. "టీచరమ్మ జీతం, కిరాయి, కరెంటు బిల్లు అన్నీ రూపాయలల్లనే కడ్తున్నం గదనే."

అది నిజమే, కాదనలేకపోయాను. గల్లాపెట్టెకు కావలసింది మారకం రేటు. కొనుగోలు శక్తి చెప్పేది వేరే సంగతి, మన ధర ఎవరి మీద ఎంత బరువుగా కూచుందో. రెండూ చూడకుండా ఒకదానితో తీర్పు చెప్పకూడదన్నదే నా గొడవ. కానీ కోపంలో ఆ మాట సరిగా చెప్పలేక, "నీకు డాలరు పిచ్చి పట్టింది" అన్నాను. "నీకు టీచరమ్మ మీద ప్రేమ, పావురం" అన్నాడు. ఇద్దరమూ నిజమే చెప్పుకున్నాం.

పక్కగదిలో టీచరమ్మ ఆదివారం తరగతి చెప్తోంది. గోడ ప్లైవుడ్‌ది. గుణింతం చెప్తున్న ఆమె గొంతు ఒక్కసారి ఆగింది. విన్నదేమోనని నేను గొంతు తగ్గించాను. తర్వాత మళ్ళీ మొదలుపెట్టింది, మునుపటికంటే గట్టిగా.

"మరి విదేశీ పిల్లలు ఎందుకు పోతుండ్రు?" అని అడిగాను.

"పైసలున్నోళ్ళకు ఓపిక ఉండది," అన్నాడు.

ఆ జవాబు నాకు సయించలేదు. మానేసినవాళ్ళ నంబర్లు తీసి ఫోన్లు మొదలుపెట్టాను. అన్న కుర్చీలో వెనక్కి వాలి, నేనెప్పుడు ఓడిపోతానా అని చూస్తున్నాడు. మొదటి రెండు ఎవరూ ఎత్తలేదు. మూడోది షార్జా నంబరు. ఎత్తిన మనిషి వెనక గిన్నెల చప్పుడు, హిందీలో ఎవరో నవ్వులు. ఆదివారం కదా, గదిలో వంట చేసుకుంటున్నట్టున్నారు. పాపను ఎందుకు మానిపించారని అడిగాను.

"మంచిగనే చెప్తరు మేడం. కని నలభై డాలర్లంటే నాకు మూడు రోజుల కూలి. ఎట్ల కట్టాలె?"

"అక్కడ ఖర్చులు గూడ ఎక్వనేమో," అన్నాను, తోచక.

"ఇక్కడ ఏం ఖర్చు మేడం, నాదొక్కడిదే. పిల్ల, వాళ్ళమ్మ మెట్‌పల్లిల ఉంటరు. పొద్దుగాల ఐదున్నరకు లేపుడు పరేషాన్ అయితుందని మా ఆమె రోజు లొల్లి."

నేను ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. అన్న కుర్చీలో నిటారుగా కూచున్నాడు.

జరిగింది ఇది. చేర్చుకునేటప్పుడు మేము అడిగేది ఫీజు కట్టే మనిషి నంబరు. అది మన దేశానిది కాకపోతే ఫీజు డాలర్లలో పడుతుంది, పిల్లను అమెరికా పిల్లల మధ్య తెల్లవారి తరగతిలో కూచోబెడతాం. మెట్‌పల్లి పిల్ల మెట్‌పల్లిలోనే ఉండి మా లెక్కలో షార్జా వెళ్ళిపోయింది.

మిగతావాళ్ళకూ చేశాను. దుబాయి, దోహా, మస్కట్. పిల్లలేమో జగిత్యాల, కోరుట్ల, నిర్మల్. మానేసినవాళ్ళలో నిజంగా అమెరికాలో ఉండే పిల్లలు చాలా తక్కువ. అమెరికా పిల్లలందరినీ విడిగా తీసి చూస్తే నిలకడగానే ఉన్నారు, కాకపోతే అన్న అనుకున్నంత మంది లేరు. విదేశీ రాబడిగా అన్న చూపించిన దాంట్లో పెద్ద ముక్క మన ఊళ్ళ పిల్లలదే. వాళ్ళ మీద ఇక్కడి బరువు కాదు, ఐదారింతలు వేశాం. మోయలేక దించేశారు. వాళ్ళు వచ్చి చేరాల్సిన సాయంత్రం తరగతినే మూసేద్దామంటున్నాడు అన్న.

ఇంత జరిగినా అన్న, "ఫీజు తగ్గిస్తే రాబడి పడ్తది," అన్నాడు.

"వాళ్ళు ఎట్లాగూ పోతనే ఉన్నరు గదా, సున్నకన్న ఆరొందలు ఎక్వనే," అన్నాను. అప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది. "బాపు మస్కట్‌ల తాపీ పని చేసినప్పుడు మన బడి ఫీజు ఎక్కడికెల్లి వచ్చింది? అప్పుడు మనం ఏ దేశపోళ్ళం అన్నా?"

మేమిద్దరం నాన్న గల్ఫ్ నుంచి పంపిన డబ్బుతో చదువుకున్న పిల్లలం. ఈ పొరపాటు ఎవరైనా చేయొచ్చు, మేము చేయకూడదు. నాకు ఏడుపొచ్చింది, అది కనబడకుండా కిటికీ దగ్గరికి పోయాను.

కాసేపటికి అన్న తానే షార్జాకు ఫోన్ చేశాడు. ఆరువందలే అని, సాయంత్రం తరగతి అని చెప్పాడు. తర్వాత మెట్‌పల్లి నంబరు తీసుకుని ఆ పిల్లతో మాట్లాడాడు. స్పీకర్ తీయడం మరిచిపోయాడు.

"పొద్దుగాల మస్తు కునుకుతుంటివి బిడ్డా. మీ దిక్కు రాత్రయ్యిందనుకున్న. రోజు గుడ్‌నైట్ చెప్పి పంపిస్తుంటి గదా, ఇక్కడ తెల్లారిందని ఒక్కనాడన్న చెప్పకపోతివి?"

"మీరు సార్ గదా," అంది ఆ పిల్ల. "మీరు గుడ్‌నైట్ అంటే నేను గూడ గుడ్‌నైట్ అన్న. తర్వాత బడికి పోయిన."

అన్న ఫోన్ బల్ల మీద పెట్టేశాడు. పక్కగదిలో తరగతి అయిపోయింది. టీచరమ్మ తలుపు దగ్గరికి వచ్చి, సంచీ భుజాన వేసుకుని నిలబడింది. ఆమె అంతా విన్నదని మొహం చూడగానే తెలిసింది.

"రేపు రావాల్నా సార్?" అంది.

"రావాలె," అన్నాడు అన్న. మళ్ళీ అన్నాడు, "పొద్దుటి తరగతికెల్లి కొందరు పిల్లలు మీ దగ్గరికి వస్తుండ్రు. వాళ్ళను పొద్దుగాల జర నిద్ర పోనియ్యాలె."