కుచ్చిళ్ల మీద కొలత

ఆదివారం ఆరాధనకు రానని మా అత్తగారు మొదటిసారి అన్నప్పుడు మంచు వల్లేమో అనుకున్నాను. మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో జనవరి నెలలో ఆ మాట ఎవరన్నా వింత కాదు. మరుసటి ఆదివారం చక్కగా ఎండ కాసింది. అయినా రానన్నారు. మా తెలుగు చర్చిలో మొదటి పాట ఎత్తుకునేది ఆవిడే. ఆవిడ లేని ఆ రెండు వారాలూ ముందు వరుస ఒక శ్రుతిలో, వెనక వరుస ఇంకో శ్రుతిలో పాడాయి. పాస్టర్‌గారు రెండో చరణం దగ్గరే ప్రార్థనలోకి దిగిపోయారు.

అసలు సంగతి ఉతకాల్సిన బట్టలు తీస్తుంటే మూత్రం వాసన వచ్చి తెలిసింది. అడిగితే అప్పుడు చెప్పారు. ఆవిడ చివరిసారి వచ్చిన ఆదివారం చర్చి కుర్చీ తడిసిందట. ఎవరూ చూడకముందే శాలువాతో తుడిచేశారట.

"ఆ కుర్చీలో మళ్లీ కూర్చోలేనమ్మాయ్. ఇంట్లోనే పాడుకుంటాను" అన్నారు.

డాక్టరు పరీక్షలు చేయించి ఇన్ఫెక్షన్ ఏమీ లేదన్నారు. వయసుతో కండరాలు పట్టు తప్పాయని చెప్పి, కొన్ని వ్యాయామాలు చూపించి, పెద్దవాళ్ల డయపర్లు వాడమన్నారు. సరే, ఇక అది నా పని. నేను ఆటో పార్టుల గిడ్డంగిలో స్టాకు చూస్తాను. లెక్కలు ఏ కాలేజీలోనూ చదవలేదు, పెట్టెలూ అరలే నేర్పాయి. కొలవనిదే దేన్నీ నమ్మను. కాబట్టి టేపు తెచ్చాను.

"అత్తయ్యా, నడుమూ తుంటీ కొలవాలి. రెంటిలో ఏది ఎక్కువైతే దాన్ని బట్టి సైజు."

"కొలువు. చీర మీదే కొలువు. ఈ చలిలో నన్ను విప్పమనకు."

చీర మీదే కొలిచాను. నలభై ఆరు అంగుళాలు వచ్చింది. ప్యాకెట్ మీది పట్టికలో నలభై నాలుగు దాటితే లార్జ్. లార్జ్ తెచ్చాను. ఒకటి పెట్టుకుని హాల్లో కుర్చీలో కూర్చున్నారు. టీవీ సీరియల్ ఇంకా అవ్వనేలేదు, తొడ పక్కనుంచి చీర తడిసింది.

ప్యాకెట్ల మీద నీటిచుక్కల బొమ్మలు ఉంటాయి. చుక్కలు ఎక్కువైతే పీల్చే శక్తి ఎక్కువ. నాలుగు చుక్కలది మానేసి ఆరు చుక్కలది తెచ్చాను. అదీ కారింది. అప్పుడు మా ఆయన సలహా ఇచ్చారు.

"ఒకదానిమీద ఒకటి వెయ్యి. రెండింతలు ఆగుతుంది."

వేసి చూశాం. లోపలిది నిండగానే, దాని వెలుపల ఉన్న ప్లాస్టిక్ పొర నీటిని బయటిదానిలోకి పోనివ్వలేదు. అంతా పక్కలకే వచ్చింది. బయటిది పొడిగా, కొత్తదానిలా ఉంది.

"మీ ఇద్దరి తెలివీ ఒకదానిమీద ఒకటి వేసినా ఇంతే" అన్నారు అత్తగారు.

ఈలోగా చర్మం ఎర్రబడింది. ప్రతిసారీ సబ్బుతో రుద్ది కడిగి, తువాలుతో గట్టిగా తుడిచి, మందంగా క్రీము రాసి, పైన పౌడరు చల్లేవాళ్లం. శుభ్రమంటే అదే అనుకున్నాం. డాక్టరు ఆఫీసుకు ఫోన్ చేస్తే నర్సు ఒక్కొక్కటీ మాన్పించింది. ఆ వయసు చర్మం పల్చన, సబ్బు దాన్ని ఎండబెడుతుంది. కడగక్కర్లేని క్లెన్సర్‌తో మెత్తగా తుడవాలి, రుద్దకుండా అద్ది ఆరబెట్టాలి. క్రీము పల్చటి పొరగా చాలు, మందంగా రాస్తే అది డయపర్‌కి అంటుకుని పీల్చుకోనివ్వదు. పౌడరు మడతల్లో ఉండలు కడుతుంది. తడిసిందని తెలియగానే మార్చాలి. ఎరుపు తగ్గకపోయినా, చర్మం చిట్లినా వెంటనే చూపించాలి. చివర్లో ఆవిడ నీళ్లు సరిగా తాగుతున్నారా అని అడిగింది.

నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ కిటికీ వైపు చూశారు. కాఫీ మానేసి, మంచినీళ్లు మాత్రలకు మాత్రమే తాగుతున్నారట. తాగకపోతే మూత్రం చిక్కబడి ఇంకా మండిస్తుందని నర్సు చెప్పింది. ఫోన్ పెట్టేలోపే మా ఆయన కాఫీ కలపడానికి లేచారు.

ఎరుపు మెల్లగా తగ్గింది. కారడం మాత్రం తగ్గలేదు. అప్పుడు తూచడం మొదలుపెట్టాను. తడిసినదాన్ని సంచీలో వేసి తూచి, పొడిదాని బరువు, సంచీ బరువు తీసేస్తే మిగిలేది ఎంత నీరు పట్టిందో చెబుతుంది. గ్రాము అంటే దాదాపు ఒక మిల్లీలీటరు. ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసు వేలాడదీస్తే అంత చిన్న బరువుకు అది పలకనే లేదు. వంటింటి త్రాసు వైపు చెయ్యి చాచాను.

"దానిమీద ఇడ్లీరవ్వ తూస్తాం" అన్నారు మా ఆయన.

వేరే త్రాసు కొన్నాను. కారిన ప్రతిసారీ డయపర్‌లో ఉన్నది నూట ఎనభై గ్రాములకు అటూ ఇటూ. కొత్తదాన్ని సింకులో పరిచి కొలిచి నీళ్లు పోస్తే ఆరువందలు దాటాక కానీ పొంగలేదు. మనిషి కూర్చుంటే బరువుకు నొక్కుకుపోతుంది కనుక అందులో సగమే లెక్కలోకి తీసుకున్నా, మూడువందలు. ఇంకా మూడో వంతుకు పైనే ఖాళీ ఉండగానే కారుతోందన్నమాట. అంటే తప్పు చుక్కలది కాదు.

"నా ఉచ్చకి కూడా ఆడిట్ జరుగుతోంది" అన్నారు అత్తగారు.

"అత్తయ్యా, ఒకసారి నైటీ పైకెత్తి నిలబడండి. తొడ దగ్గర చూడాలి."

కాసేపు గొణిగి నిలబడ్డారు. తొడకూ డయపర్ సాగే అంచుకూ మధ్య నా రెండు వేళ్లు హాయిగా పట్టాయి. ఇక కొలత మళ్లీ తీయాల్సిందే. ఈసారి ఆవిడే టేపు అందుకుని గదిలోకి వెళ్లి, తలుపు వెనకనుంచి అంకెలు కేకేశారు. నడుం ముప్ఫై ఏడు. తుంటి నలభై. మీడియం.

"మరి నలభై ఆరు ఎలా వచ్చిందమ్మాయ్?"

నేను లెక్క వేసి చెప్పాను. లంగా, కుచ్చిళ్లు, లోపల థర్మల్ ప్యాంటు, పైన స్వెట్టరు.

తలుపు వెనక నవ్వు మొదలైంది. ఎంతసేపటికీ ఆగలేదు. "అయితే ఇన్నాళ్లూ నా కుచ్చిళ్లకి డయపర్ కట్టావన్నమాట" అన్నారు.

మీడియంలో, పక్కల అంటించే పట్టీలున్న రకం తెచ్చాను. చీర ఎత్తి నిలబడే మార్చుకోవచ్చు, స్నో బూట్లు విప్పక్కర్లేదు. పట్టీలు చర్మానికి తగలకుండా డయపర్ మీదే అంటించి, తొడల దగ్గరి ముడతల అంచులు లోపలికి మడతపడకుండా వేలితో బయటికి లాగాం. ఆరాధన ఎంతసేపో అంతసేపూ హాల్లో కూర్చోబెట్టి రిహార్సల్ చేశాం. మధ్యలో రెండు కాఫీలు. చీర తడవలేదు. ప్యాకెట్ మీద చుక్కలు నాలుగే.

ఆ ఆదివారం చర్చిలో మొదట చివరి వరుసలో, బాత్‌రూమ్ పక్కన కూర్చున్నారు. హ్యాండ్‌బ్యాగులో ఇంకొకటీ, క్లెన్సరూ ఉన్నాయి. కీబోర్డు మొదలవగానే ఎవరో తప్పు శ్రుతిలో అందుకున్నారు. అత్తగారు పళ్లు బిగబట్టి కాసేపు భరించారు. తర్వాత లేచి, నడవలోంచి నడుచుకుంటూ ముందు వరుసలోకి వెళ్లి, అదే కుర్చీలో కూర్చుని పాట అందుకున్నారు. నాలుగు చరణాలూ పాడించారు.

భోజనాల దగ్గర అత్తగారి ఈడు ఆంటీ ఒకావిడ ఆవిణ్ణి పక్కకు తీసుకెళ్లి చెవిలో ఏదో అడిగారు. అత్తగారు రెండో కప్పు టీ కింద పెట్టి, అందరికీ వినబడేంత గొంతుతో నన్ను పిలిచారు.

"అమ్మాయ్, ఆ టేపు కార్లో ఉందా?" తర్వాత ఆవిడతో అన్నారు, "చీర మీద మాత్రం కొలవనివ్వకు వదినా."