ఫెర్లోరెన్ అని రాయని ఉత్తరం

మంచిర్యాల దగ్గరి బొగ్గుబాయిలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన కొండల్ పదో తరగతి గట్టెక్కలేదు గానీ, జర్మన్ రాసేవాడు. కూతురు హర్షిణి నర్సు కొలువు కోసం ఆ భాష నేర్చుకుంటుంటే, రోజూ మాటలు అప్పజెప్పించుకున్నది ఆయనే. ఇద్దరికీ ఒకటే నోటుబుక్కు. ఎడమవైపు ఆమె రాసిన జర్మన్, కుడివైపు ఆయన రాసిన తెలుగు. ఏం లాభం, కొలువులో చేరిన రెండేళ్లకే హర్షిణి జర్మనీలో మెదడువాపు జ్వరంతో చనిపోయింది.

ఆమె బట్టలు, వెంట తీసుకెళ్లిన ఆ నోటుబుక్కు ఒక పెట్టెలో సర్దుకుని తోటి నర్సు నిఖిత సెలవుకు బయలుదేరింది. మొదటి విమానం నాలుగు గంటలు ఆలస్యమై రెండోది తప్పిపోయింది. మర్నాడు హైదరాబాదులో నిఖిత దిగింది, పెట్టె దిగలేదు. ఆ పిల్ల విమానాశ్రయంలోనే ఫిర్యాదు నంబరు తీసుకుంది.

"ఇరవై ఒక్క రోజులు దాటినయి కాకా. ఇగ పోయినట్టే లెక్క, గట్లనే రాయాలె," అంది.

విమాన సంస్థకు నిఖిత పేరు మీద కొండల్ జర్మన్‌లో ఉత్తరం పద్ధతిగానే రాశాడు. విమానాల నంబర్లు, పెట్టె చీటీ నంబరు, ఫిర్యాదు నంబరు, జవాబుకు రెండు వారాల గడువు. ఒక్క మాట దగ్గర చెయ్యి ఆగింది. బాయిలో దిగిన మనిషి షిఫ్టు దాటినా పైకి రాకపోతే ఎవరూ 'పోయిండు' అనరు, 'ఇంకా రాలే' అంటారు. బిడ్డ విషయంలోనూ ఆయన నోట ఆ మాట రాలేదు. ఇప్పుడు పెట్టెకు ఎలా రాస్తాడు? పోయింది అనే ఫెర్లోరెన్ బదులు, ఆలస్యమైంది అనే ఫెర్‌ష్పేటెట్ రాశాడు. విమానానికీ అదే మాట, పెట్టెకూ అదే మాట. కాకా మీద నమ్మకంతో నిఖిత చదవకుండానే సంతకం పెట్టింది.

ఆరు వారాలకు జవాబొచ్చింది. ఆలస్యానికి చింతిస్తున్నారట. పెట్టె వచ్చేదాకా కొనుక్కున్న బట్టలకు, పళ్ల బ్రష్షుకు రసీదులు పంపమన్నారు. మాకు రసీదులు కాదు, పెట్టె కావాలని, అది ఇంకా రాలేదని కొండల్ మళ్లీ రాశాడు. మొండి మనిషి, మాట మార్చలేదు.

తిరిగి జర్మనీ వెళ్లిన నిఖిత ఆఫీసుల చుట్టూ తిరిగి చివరికి ఫోన్ చేసింది. పోయిందని రాసి ఉంటే, లోపల ఏమేం ఉన్నాయో రాయమని ఒక ఫారం పంపేవారట. ఆ జాబితాతో పేరులేని పెట్టెలు విప్పి పోల్చి చూసేవారట. చీటీ ఊడిన ఆ పెట్టె మూడు నెలలు గోదాములోనే ఉంది. తర్వాత వేలంలో ఎవరో పట్టుకుపోయారు.

"గా ఒక్క మాట రాస్తే దొరుకుతుండె కాకా," అని నిఖిత ఏడ్చింది.

కొండల్ ఫోన్ పెట్టేశాడు. తన చేత్తోనే చేసుకున్నాడు, ఇంకెవరిని తిడతాడు? భార్య నాగవ్వ వంటింట్లోంచి వచ్చి ఏమన్నారని అడిగింది.

"పోయింది," అన్నాడు.

ఏడాదిగా ఆయన నోట ఆ మాట వినని నాగవ్వ, ఏది అని అడగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని గడప మీదే కూలబడింది.