ఆగిపోయిన ఫోన్‌లో మామయ్య పాట

నేను వంటింట్లోంచి వచ్చి చూసేసరికి మామయ్య కళ్లు మూసుకుని చివరి చరణం పాడుతున్నారు. ఎదురుగా స్టూలు మీద పెట్టిన నా ఫోన్ నల్లగా ఉంది. ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు. పొద్దున మా ఆయన దాంట్లోనే క్రికెట్ చూశారు. చార్జింగ్ పెట్టమని చెప్పి నేను స్నానానికి వెళ్లాను. పెట్టారని ఎలా నమ్మానో ఇప్పటికీ నాకే అర్థం కాదు.

అది మామూలు పాటైతే నేనింత బాధపడేదాన్ని కాదు. మామయ్య సారపాక పేపర్ మిల్లులో మెషీన్ మీద పనిచేసి రిటైరయ్యారు. మా చర్చి సంఘంలో క్వయిర్‌కు ఏళ్ల తరబడి రాగాలు కట్టింది ఆయనే. అత్తయ్య పోయాక హార్మోనియం పెట్టె మీది గుడ్డ కూడా తీయలేదు. ఆమె జ్ఞాపకార్థ కూడిక దగ్గర పడుతుంటే, ఎవరూ అడగకుండానే ఒకరోజు గుడ్డ తీసి, దుమ్ము దులిపి, "ఫోన్ పెట్టమ్మా, పాటొచ్చింది" అన్నారు. ఆ పాట అత్తయ్య కోసం. మాటలు ముందే చెప్పి మాకు నేర్పారు. రాగం మాత్రం ఆ రోజే, ఆ కూర్చున్నప్పుడే పుట్టింది.

ఫోన్‌కు చార్జింగ్ ఎక్కాక రికార్డింగ్ కోసం వెతికాను. ఫైలు ఉంది. సైజు కూడా బాగానే ఉంది. ఎంత సేపటిదో చూపించాల్సిన చోట మాత్రం సున్నాలు. నొక్కితే తెరవడం కుదరదంటోంది. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే మాట. ఫోన్‌ను గోడకేసి కొట్టాలనిపించింది.

"పోనీ మామయ్యా, ఇంకోసారి పాడండి" అన్నాను మెల్లగా.

ఆయన హార్మోనియం ముందు కూర్చుని మొదలుపెట్టారు. మొదటి లైను బాగానే వచ్చినట్టుంది. రెండో లైనుకొచ్చేసరికి అది క్రిస్మస్‌కు మేమెప్పుడూ పాడే పాత పాటలోకి జారిపోయింది. ఆపారు. ఇంకోసారి మొదలుపెట్టారు. ఇంకోసారి జారింది. పెట్టె మూసేశారు.

"ఏందమ్మా ఇది? ఫోన్ల పెట్టినవ్ గదా అని నేను మర్చిపోయిన. ఇగ నన్నడిగితే యాడికెల్లి తెచ్చియ్యాలె?" అని నా మీదే కోప్పడి బయటికెళ్లిపోయారు. ఆయన బాధ నాకు తెలుసు కాబట్టి నోరు మూసుకున్నాను. కానీ చార్జింగ్ పెట్టని మనిషి హాయిగా టీ తాగుతుంటే తిట్లు తినడం నా వంతైనందుకు ఒళ్లు మండింది.

ఆ టీ తాగిన మనిషే రిపేరు కూడా మొదలుపెట్టారు. ఫైలు పేరు చివరన ఉన్న అక్షరాలు మార్చి ఎంపీత్రీ చేస్తే పాడుతుందన్నారు. పేరు మారింది, పాడలేదు. పాత పేరే మళ్లీ పెట్టమని నేను చెప్పాల్సి వచ్చింది. ఎవరో చెప్పారని ఇంకో ప్లేయర్ ఎక్కించారు, అదీ పలకలేదు. క్వయిర్ వాళ్లు రోజూ అడుగుతున్నారు. పాస్టర్ గారు ఫోన్ చేసి, "రాగం రాకుంటే పాత పాటే పాడుదాంలే అమ్మా" అన్నారు. ఆ మాట మామయ్య చెవిన పడకుండా నేను కాపలా కాశాను.

అప్పుడు మా ఆయన తన జీవితంలోకెల్లా తెలివైన పని చేశారు. నేను స్కూల్లో పాఠం చెబుతుండగా, ఇంట్లో వదిలిన నా ఫోన్ తీసుకెళ్లి ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసి కొత్తది తెచ్చారు.

"బ్యాటరీ సక్కగ లేని ఫోన్ పెట్టుకొని ఎన్ని రోజులు ఏడుస్తవ్? సర్‌ప్రైజ్!" అన్నారు.

"నా ఫైలు?"

"నేనేమన్న పిచ్చోణ్ణా? నీ ఫోటోలు, డాడీ పాట ఫైలు మెమొరీ కార్డుల పెట్టిన. మిగతాయన్ని చెత్తనే గదా, తుడిచి ఇచ్చిన."

ఫైలు భద్రంగా ఉందని నేనూ ఊపిరి పీల్చుకున్నాను. కొత్త ఫోన్ నచ్చింది కూడా. అంతా అయిపోయిందని అప్పటికి మాకు తెలియదు.

మర్నాడు సాయంత్రం ఇద్దరం వంతెన దాటి భద్రాచలంలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే స్టూడియోకు వెళ్లాం. స్టూడియో నడిపే భాయ్ మా ఆయనకు చిన్నప్పటి దోస్తు. అతనితో ఒక చిక్కుంది. ఏది అడిగినా ముందు తన గొప్పలు వినాలి. నిఖా మధ్యలో కెమెరా ఆగిపోతే ఆ వీడియోను ఎలా బతికించాడో మొత్తం చెప్పాక గానీ కార్డు చేతిలోకి తీసుకోలేదు. తీసుకున్నాక ముందుగా ఆ ఫైలుకు ఒక కాపీ చేసి, "అసలు దాన్ని ముట్టద్దు, ఏం చేసినా నకలు మీదనే" అన్నాడు. ఆ ఒక్క మాటతో అతని గొప్పలన్నీ క్షమించేశాను.

"పాట పోలేదు మేడం, లోపలనే ఉన్నది" అన్నాడు. "రికార్డింగ్ ఆపు అని మనం నొక్కినప్పుడు ఫోన్ ఆఖరికి ఒక లెక్క రాసుకుంటది. ఏ ముక్క యాడున్నది, ఎంత స్పీడ్‌ల పాడాలె, గదంతా. మీ ఫోన్ గది రాసుకోకుండనే సచ్చింది. గా లెక్క లేక ఏ ప్లేయర్‌కూ ఏం తెలుస్తలేదు."

"మరి లెక్క మనం రాయొచ్చా?"

"సాఫ్ట్‌వేర్ రాస్తది. గాని దానికి నమూనా కావాలె. అదే ఫోన్ల, అదే రికార్డర్‌ల చేసిన మంచి రికార్డింగ్ ఒకటియ్యండి. ఏదైనా పర్వాలేదు, దగ్గినా సాలు."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడ మీద ఎవరిదో పెళ్లి ఫోటో చూడటం మొదలుపెట్టారు.

"ఫోన్ ఇచ్చేశారట" అన్నాను.

"యా అల్లా!" అని భాయ్ తల పట్టుకున్నాడు. ఎక్స్‌ఛేంజ్ దుకాణానికి ఫోన్ చేస్తే పాత ఫోన్లన్నీ ఆ పొద్దున్నే హైదరాబాద్ వెళ్లిపోయాయన్నారు. సరే చూద్దామని కొత్త ఫోన్‌లో ఒక రికార్డింగ్ చేసి దాన్నే నమూనాగా పెట్టాడు. ఫైలు తెరుచుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. పాడించాడు. రేకుల మీద కంకర పోసినట్టు బరబరమని ఒకటే మోత. ఎక్కడా మనిషి గొంతు లేదు.

"ఈ ఫోన్ లెక్క వేరు, ఆ ఫోన్ లెక్క వేరు" అన్నాడు.

"క్వయిర్‌కు వాట్సాప్‌లో బోలెడు వాయిస్‌లు పంపాను. అవి పనికొస్తాయా?"

"రావు మేడం. మైకు నొక్కి పంపినయ్ వాట్సాప్ సొంతంగ చేసుకున్నయ్, దాని తీరే వేరు. రికార్డర్‌ల చేసి, ఫైలును ఫైలు లెక్కనే పంపినయ్ ఏమన్న ఉన్నయా? డాక్యుమెంట్ అని పంపుతరు సూడు, గట్ల."

రికార్డర్‌లో చేసినవి పంపడం నాకు ఆ ఒక్క విధంగానే వచ్చు. కానీ ఎవరికి, ఏం పంపాను? కొత్త ఫోన్‌లో పాత చాట్లేవీ లేవు, బ్యాకప్ తీయాలని ఈ మహానుభావుడికి తట్టలేదు మరి. తల బద్దలు కొట్టుకున్నాను. ఉన్నట్టుండి గుర్తొచ్చి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

బోనకల్‌లో ఉండే మా ఆడబిడ్డకు ఫోన్ చేశాను. "వదినా, మీ తమ్ముడు గురక పెట్టింది పంపాను కదా, ఉందా?"

ఒక ఆదివారం బిర్యానీ తిని ఆయన పడుకుంటే గురక వీధి దాకా వినిపించింది. లేచాక తాను గురకే పెట్టనని వాదించారు. సాక్ష్యం కోసం రికార్డ్ చేసి ఆయన అక్కకు పంపాను. అది ఇంకా ఉందా అన్నదే నా భయం.

"అయ్యో, ఎట్ల తీసేస్త! ఎప్పుడన్న మనసు బాగలేకుంటే వింట" అంది వదిన. డాక్యుమెంట్‌గానే తిరిగి పంపమని రెండుసార్లు చెప్పాను. పంపింది.

భాయ్ దాన్ని స్టూడియో పెద్ద స్పీకర్లలో పెట్టాడు. గురక గది నిండా మోగింది. పక్క దుకాణం వాళ్లు తొంగి చూశారు.

"నేను కాదది" అన్నారు మా ఆయన.

"ఎవలదైతేంది భాయ్, ఆ ఫోన్‌దే గదా" అంటూ భాయ్ దాన్ని నమూనాగా ఇచ్చి పాట ఫైలును మళ్లీ నడిపించాడు. ఈసారి తెరుచుకున్నాక ముందు దగ్గు వినిపించింది. తర్వాత హార్మోనియం. నేను వెంటనే ఆపమన్నాను. ముందు వినాల్సింది మేం కాదనిపించింది. ఆఖర్న కొన్ని క్షణాలు ఫోన్ రాసుకోకముందే పోయుంటాయని, అవి ఎవరూ తేలేరని భాయ్ చెప్పాడు. సరేనని ఫైలు కొత్త ఫోన్‌లో వేయించుకుని వచ్చాం.

మామయ్య నమ్మలేదు. "వచ్చిందా? ఏదీ?" అంటూ కుర్చీ ముందుకు లాక్కున్నారు. పెట్టాను. దగ్గు, హార్మోనియం తిత్తి చప్పుడు, ఒక స్వరం పట్టుకుని వదిలేయడం, మళ్లీ పట్టుకోవడం. ఇంతలో వంటింట్లో నేను మిక్సీ వేసిన మోత. రికార్డింగ్ జరుగుతోందని తెలిసీ పచ్చడి రుబ్బిన నా బుద్ధికి నాకే చిరాకేసింది. ఆ మోత మీదుగా మామయ్య గొంతు గట్టిగా వచ్చింది.

"ఏమే, ఆ మిక్సీ ఆపవే!"

దూరంగా నా గొంతు: "ఆపేశాను మామయ్యా!"

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ మామయ్య నన్ను అమ్మా అనే పిలుస్తారు. ఏమే అని ఒక్కసారీ అనలేదు. అలా పిలిచేది అత్తయ్యను మాత్రమే. ఆ రోజు ఆయన అలా పిలిచినట్టు ఆయనకూ తెలియలేదు, పలికింది నేనైనా నాకూ తెలియలేదు. ఇప్పుడు ముగ్గురం విన్నాం. మా ఆయన తల వంచుకున్నారు. ఫోన్ ఆపబోతే మామయ్య వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టారు.

పాట మొదలైంది. మేం రోజుల తరబడి వెతికిన రాగం, ఎక్కడా ఏ పాత పాటలోకీ జారకుండా సాగింది. చివరి చరణం సగంలో ఠక్కున ఆగిపోయింది. మామయ్య మాత్రం ఆగలేదు. అక్కడి నుంచే అందుకుని చివరి దాకా పాడేశారు.

"డాడీ, ఇంకోసారి పాడుండ్రి, రికార్డ్ చేస్త" అని మా ఆయన ఫోన్ కోసం తడుముకున్నారు.

"అవసరం లేదు, నాకొచ్చేసింది" అన్నాను. నిజంగానే వచ్చేసింది. క్వయిర్‌కు రేపే నేర్పిస్తానని చెప్పాను.

మామయ్య మా ఇద్దరి మాటా విన్నట్టు లేదు.

"మళ్ల పెట్టమ్మా" అన్నారు.

"పాట మొదటి నుంచా మామయ్యా?"

"కాదమ్మా" అన్నారు. "మిక్సీ కాడికెల్లి."