పట్టికలో కలిపేసిన పదమూడు వందలు

లాల్‌దర్వాజాలో మేం ముగ్గురం అద్దెకున్న రెండు గదుల ఇంటి ఖర్చుల పట్టిక రాసే పనిని నేనే కోరి తీసుకున్నాను. ముప్పై ఏళ్లు ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి. పెన్షను లేదు. భార్య పోయాక ఒక్కణ్ణే ఇల్లు పట్టే స్తోమతా లేకపోయింది. తక్కిన ఇద్దరిలో ఒకాయన పత్తర్‌గట్టి బట్టల దుకాణంలో సేల్స్‌మన్. నలభై దాటినవాడు, సంసారం ఊళ్లో ఉండేది. రెండో అతను పాల డిపోలో లెక్క చూసేవాడు. సేల్స్‌మన్‌ను ‘అన్నా’ అని పిలిచేవాడు.

అద్దె తొమ్మిది వేలు నేను కట్టేవాణ్ణి. కరెంటు బిల్లు సేల్స్‌మన్, కిరాణా సామాను డిపో అతను. నెలాఖరున ప్రతి మొత్తాన్నీ మూడు భాగాలు చేసి, ఎవరు ఎవరికి ఎంత బాకీయో గళ్లలో రాసి, గ్యాసు పొయ్యి పక్క గోడకు అంటించేవాణ్ణి. సొమ్ము అందినవాడు తన గడిలో టిక్కు పెట్టాలి. పదో తేదీ దాటకూడదు. ఆ నియమం నాదే.

ఆ నెల కరెంటు తొమ్మిది వందలు, సామాను నాలుగు వేల ఎనిమిది వందలు. పాత పద్ధతిలో ఇద్దరిద్దరి మధ్య చెల్లు పోను సేల్స్‌మన్ నాకు రెండు వేల ఏడు వందలు, డిపో అతనికి పదమూడు వందలు ఇవ్వాలి. డిపో అతను నాకు పద్నాలుగు వందలు ఇవ్వాలి. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి సొమ్ము ఊరికే తిరగడం నాకు క్రమరాహిత్యంగా తోచింది. మధ్యవి కొట్టివేసి రెండే గళ్లు మిగిల్చాను: సేల్స్‌మన్ నాకు నాలుగు వేలు, డిపో అతను నాకు వంద. ఎవరికీ ఒక్క రూపాయి తేడా రాలేదు.

సేల్స్‌మన్ ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడ్డాడు.

“సార్, పోయిన నెల లెక్కనే ఉంచరాదు?”

“రెండు వేల ఏడు వందలూ పదమూడు వందలూ కలిపితే ఎంత?”

“నాలుగు వేలే సార్.”

“మరి అభ్యంతరమేమిటి?”

“ఏం లేదు సార్. నాకు లెక్కలు ఎన్నడు రాకపాయె.” నవ్వబోయి ఆగిపోయాడు.

డిపో అతను అప్పటికే నేను చెప్పిన వంద హడావిడిగా ఇచ్చి, మేనమామ దినాలకని పట్టిక చూడకుండానే ఊరికి పోయాడు. పదో తేదీన సేల్స్‌మన్ రెండు వేల ఏడు వందలు తెచ్చాడు. మిగిలిన పదమూడు వందలను ఎర్ర సిరాతో గోడమీద రాశాను. “నియమం అందరికీ ఒకటే,” అన్నాను. అతడు తల ఊపాడు. మర్నాడు ఆ సొమ్మూ తెచ్చి నా బల్లమీద పెట్టాడు. సాయంత్రానికి తన ట్రంకుపెట్టె, పరుపు ఆటోలో వేసుకుని వెళ్లిపోయాడు. ఎక్కడికని నేను అడగలేదు.

ఊరినుంచి వచ్చిన డిపో అతను ఖాళీ మూలనూ గోడనూ చూశాడు.

“ఏంది సార్ గిది? ఆ పదమూడు వందలు అన్న నాకు ఎన్నడిచ్చిండు?”

“నాలుగు నెలలుగా నీ గడిలో నువ్వే టిక్కు పెట్టావు.”

“పెట్టిన. దుకాణంల గిరాకీ లేక ఆయనకు సగం జీతమే ఇస్తున్నరు. పిల్లల ఫీజులున్నయ్. మీ ముంగట అడుగుతే ఇజ్జత్ పోతదని ఊకున్నడు. నేను టిక్కు కొట్టి ఊకున్న. నా పైసలే కద సార్, మీకేం తక్కువైంది?”

అతడు వదిలేసిన బాకీని లెక్క సులువు చేసే పేరుతో నా చేతికి తెచ్చుకుని, నేను వసూలు చేశాను.

మర్నాడు ఆ పదమూడు వందలు పట్టుకుని పత్తర్‌గట్టి వెళ్లాను. సేల్స్‌మన్ ఒక ముసలావిడకు చీరలు విప్పి చూపిస్తున్నాడు. ఆమె ఏదీ కొనకుండా లేచిపోయేదాకా నిలబడ్డాను. తర్వాత నోట్లు అందించబోయాను.

“వద్దు సార్. లెక్క లెక్కే. సేఠ్ దగ్గర అడ్వాన్సు తీసుకున్న. అది తీరేదాంక రాత్రిళ్లు గోదాం చూసుకుంట అక్కడనే పండుకుంట. అద్దె గూడ మిగులుతది.”

“తిరిగి రండి. పట్టిక పాత పద్ధతిలోనే రాస్తాను.”

“ఎట్లొస్త సార్? ఇప్పుడు తమ్మి చేసిన మాఫీ ఎంతో, ఎన్ని నెలలో మీకు ఎరికే. రోజు మీ ముంగట కూసొని ఎట్ల తినాలె?” ఆ మాట అంటూనే చీరలు మడతపెట్టసాగాడు, అంచుకు అంచు సరిగ్గా కలిపి.

డిపో అతనూ ఆ నోట్లు ముట్టలేదు. మరుసటి నెల అద్దె ఇద్దరమే పంచుకున్నాం. నాలుగు వేల అయిదు వందలు మొదటి తేదీనే నా బల్లమీద పెట్టి, “సార్, ఈ నెల నుంచి నా వంట నేనే వండుకుంట. సామాను లెక్కల నన్ను రాయకున్రి,” అన్నాడు.

సరేనన్నాను. ఆ సాయంత్రం పావుకిలో బియ్యం కొలిచి, ఒక్కడికే వండుకున్నాను.